అర్ధరాత్రి రాసిన జవాబు, మధ్యాహ్నం పెట్టిన జవాబు

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. గోదావరి జిల్లాల్లోని ఒక పట్నంలో ఫ్యామిలీ రెస్టారెంట్ యజమాని గల్లా లెక్క చూసుకుని, షట్టరు దించేసి, ఇంటికొచ్చి ఫోన్ తీశాడు. గూగుల్‌లో కొత్త రివ్యూ. ఒక్క నక్షత్రం.

"నాన్నగారి అరవయ్యో పుట్టినరోజని ఎనిమిది మందిమి వెళ్లాం. ఆర్డరిచ్చాక గంట సేపు కూర్చోబెట్టారు. మా తర్వాత వచ్చిన టేబుల్ వాళ్లు తినేసి వెళ్లిపోయారు కూడా. చివరికి తెచ్చిన బిర్యానీ చల్లగా ఉంది, ముక్క పాచి వాసన. అడిగితే మేనేజరు 'ఆదివారం ఇంతేనండీ, ఇష్టమైతే తినండి' అన్నాడు. పిల్లలు ఆకలికి ఏడ్చారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఎవరూ వెళ్లకండి."

ఈ రెస్టారెంటూ ఈ ఆదివారమూ వివరించడం కోసం అల్లుకున్నవి. ఇలాంటి రివ్యూలు మాత్రం ఏ ఊరి హోటల్ పేరు వెతికినా కనిపిస్తాయి. వాటి కింద యజమానులు రాసే జవాబులూ అంతే. మన యజమాని అప్పటికప్పుడు, నిలబడే టైపు చేసింది ఇది:

"మీరు చెప్పేది పచ్చి అబద్ధం. మాది 18 ఏళ్ల హోటల్, ఇంతవరకు ఎవరూ వేలెత్తి చూపలేదు. గంట సేపు కూర్చోబెట్టామట! ఆదివారం రద్దీ ఉంటుందని తెలియదా? ఎనిమిది మంది వచ్చేటప్పుడు ముందే ఫోన్ చేసి చెప్పాలి. ముక్క పాచిదైతే మరి ప్లేట్లన్నీ ఎందుకు ఖాళీ అయ్యాయి? 2,860 రూపాయల బిల్లు కట్టి నవ్వుతూ వెళ్లారు, సీసీ కెమెరాలో ఉంది. మీలాంటి వాళ్లు పక్క హోటల్ వాళ్ల దగ్గర డబ్బులు తీసుకుని రాస్తారని మాకు తెలుసు. ఇబ్బంది కలిగి ఉంటే సారీ, కానీ అబద్ధాలు ప్రచారం చేస్తే లీగల్‌గా వెళ్తాం."

పోస్ట్ చేయబోతుంటే కూతురు ఫోన్ అందుకుని చదివింది. "పొద్దున చూద్దాంలే నాన్నా, ఈ రాత్రికి ఇది చదివేవాళ్లెవరూ లేరు" అంది. ఆ జవాబు ఫోన్‌లోనే ఉండిపోయింది.

కోపం రావడంలో ఆయన తప్పేమీ లేదు. పద్దెనిమిదేళ్లు పొయ్యి సెగ దగ్గర నిలబడి తెచ్చుకున్న పేరును ఎవరో ఎనిమిది వాక్యాల్లో దిబ్బ అన్నారు. పొరపాటు ఆ జవాబు ఎవరికోసం రాశాడన్న దగ్గర జరిగింది. ఆయన మనసులో ఉన్నది రివ్యూ రాసిన మనిషి ఒక్కడే. చదివేది మాత్రం వచ్చే ఆదివారం తమ్ముడి పెళ్లిరోజుకు ఎక్కడికి వెళ్దామా అని వెతుక్కునే మూడో మనిషి. ఆ మూడో మనిషికి ఆ రోజు బిర్యానీ వేడిగా ఉందో లేదో తేల్చుకునే దారి లేదు. ఆయనకు తెలిసేది ఒక్కటే: తనకూ ఇక్కడ ఇబ్బంది వస్తే ఈ యజమాని ఎలా మాట్లాడతాడన్నది. దానికి సాక్ష్యాన్ని యజమానే తన చేత్తో రాసి పెట్టబోయాడు.

ఈ పొరపాటు ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో ఒక రెస్టారెంట్ చూపించింది. అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్‌లోని ఏమీస్ బేకింగ్ కంపెనీని నడిపిన దంపతులు తమను విమర్శించిన కస్టమర్లకు ఆన్‌లైన్‌లో ఘాటుగా బదులివ్వడంలో అప్పటికే పేరు మోశారు. 2013 మేలో చెఫ్ గోర్డన్ రామ్సే నడిపే 'కిచెన్ నైట్‌మేర్స్' టీవీ కార్యక్రమంలో వాళ్ల రెస్టారెంట్ కథ వచ్చింది. మునిగిపోతున్న హోటళ్లను గట్టెక్కించడమే ఆయన పని. అలాంటిది వీళ్లు చెప్పింది వినడం లేదంటూ మధ్యలోనే వదిలేసి వెళ్లిపోయాడు. కార్యక్రమం ప్రసారమయ్యాక విమర్శలు వెల్లువెత్తాయి. వాళ్ల ఫేస్‌బుక్ పేజీ నుంచి తిట్లతో, శాపనార్థాలతో జవాబులు వెళ్లాయి. తర్వాత తమ ఖాతాను ఎవరో హ్యాక్ చేశారని ప్రకటించారు. అప్పటికే ఆ పోస్టుల ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. 2015లో రెస్టారెంట్ మూతపడింది. అక్కడి వంట ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తున్నవాళ్లు తక్కువ. ఆ జవాబులు మాత్రం ఇలా రాయకూడదని చెప్పడానికి ఇప్పటికీ ఉదాహరణగా వస్తూనే ఉన్నాయి.

మన యజమాని జవాబులో తిట్లు లేవు. అయినా చదివేవాళ్ల మొహం మాడుతుంది. ఎందుకన్నది వెతికితే పెద్ద మాటల్లో కాక, చిన్న చిన్న ప్రత్యయాల్లో దొరుకుతుంది. తెలుగులో ఎత్తిపొడుపంతా అక్కడే దాక్కుంటుంది.

మొదటిది 'అట'. "గంట సేపు కూర్చోబెట్టామట!" అన్నప్పుడు ఆ ఒక్క అక్షరం ఎదుటివాడు కట్టుకథ చెబుతున్నాడని అంటుంది. ఆయన చెప్పింది నిజమో కాదో చూడకముందే తీర్పు ఇచ్చేస్తుంది. పక్కనే ఉన్న "తెలియదా?", "ఎందుకు ఖాళీ అయ్యాయి?" అన్న ప్రశ్నలూ అంతే. జవాబు కావాలని అడిగినవి కావు, బోనులో నిలబెట్టి అడిగినవి.

రెండోది 'ఉంటే'. "ఇబ్బంది కలిగి ఉంటే సారీ" అంటే ఇబ్బంది కలిగిందని మేం ఒప్పుకోవడం లేదు, నువ్వంటున్నావు గనక ఒక సారీ పడేస్తున్నాం అని. పిల్లలు ఆకలికి ఏడ్చారని రాసిన మనిషికి ఆ 'ఉంటే' చెంప మీద కొట్టినట్టే తగులుతుంది.

మూడోది 'కానీ'. దానికి ముందు ఏం చెప్పినా చెరిపేయగల మాట అది. "సారీ, కానీ" అన్నాక చదివేవాడికి సారీ గుర్తుండదు, తర్వాత వచ్చిన లీగల్ బెదిరింపే గుర్తుంటుంది. ఈ మూడింటికి "మీలాంటి వాళ్లు" తోడైంది. ఒక మనిషి చెప్పుకున్న బాధను ఒక గుంపు కుట్రగా మార్చేసింది.

వీటిని తీసేస్తే మంచి జవాబు తయారవుతుందా? సోమవారం ఉదయం యజమాని సరిగ్గా అదే ప్రయత్నం చేశాడు. కోపం దిగింది, జాగ్రత్త వచ్చింది. రెండో జవాబు ఇలా తయారైంది:

"ప్రియమైన కస్టమర్, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. కస్టమర్ల సంతృప్తే మా ధ్యేయం. మరోసారి మీకు సేవ చేసే అవకాశం ఇవ్వగలరు."

కూతురు ఇది చదివి నవ్వింది. "రైల్వే స్టేషన్లో మైకులా ఉంది నాన్నా."

ఆమె పట్టుకున్నది సరైన చోటే. రైలు ఆలస్యమైన ప్రతిసారీ ప్లాట్‌ఫారం మీద వినిపించే ఆ 'చింతిస్తున్నాము' విని ఊరట పొందినవాళ్లు ఎవరూ ఉండరు. ఆ వాక్యంలో ఎవరు ఏం చేశారో ఉండదు. అసౌకర్యం తనంతట తానే వచ్చి కలుగుతుంది. నాన్నగారి పుట్టినరోజు, గంట ఆలస్యం, చల్లారిన బిర్యానీ, మేనేజరు మాట, వీటిలో ఒక్కటీ ఈ జవాబులో లేదు. చెప్పుల దుకాణం రివ్యూ కింద పెట్టినా సరిపోతుంది. కోపంగా రాసిన జవాబు రివ్యూను చదివి తిట్టింది, మర్యాదగా రాసిన జవాబు అసలు చదవనేలేదు. పైగా ఈ నాలుగు వాక్యాలనే ప్రతి రివ్యూ కిందా అతికిస్తూ పోతే, పేజీ తెరిచినవాడికి అవన్నీ వరుసగా కనిపిస్తాయి.

అంటే పని మాటలు మార్చడం దగ్గర లేదు. రెండు జవాబులూ ఒకే లోటుతో పుట్టాయి. ఆదివారం ఏం జరిగిందో యజమానికి తెలియదు. తెలియకుండా రాస్తే మనిషి దబాయించాలి, లేదా మైకులా మాట్లాడాలి. అందుకని ఆయన ఫోన్ పక్కన పెట్టి హోటల్‌కి వెళ్లాడు.

రెస్టారెంట్‌లో ఆలస్యం ఎక్కడ జరిగిందో చెప్పే కాగితం ఒకటి ఉంటుంది. వంటగదికి వెళ్లే ఆర్డరు చీటీ. ఆ పనిలో ఉన్నవాళ్లంతా దాన్ని కేవోటీ అంటారు. టేబుల్ దగ్గర కెప్టెన్ ఆర్డరు రాసుకుని కంప్యూటర్‌లో ఎక్కించగానే వంటగదిలో చీటీ ప్రింటవుతుంది, దాని మీద టైము పడుతుంది. యజమాని ముందుగా వంటమాస్టర్ని అడిగాడు. "ఆ టేబులా? చీటీ వచ్చాక అరగంటలో పంపేశాం సార్, గంట ఎక్కడిది?" అన్నాడాయన. చీటీ చూస్తే నిజమే. ప్రింటయింది 1:31కి. కెమెరాలో ప్లేట్లు టేబుల్ చేరింది 2:04కి. ముప్పై మూడు నిమిషాలు.

ఇక్కడితో ఆగిపోతే రివ్యూ అబద్ధమని తేలిపోయేది. యజమాని కెమెరాను ఇంకాస్త వెనక్కి తిప్పాడు. కెప్టెన్ ఆ టేబుల్ దగ్గర ఆర్డరు రాసుకున్నది 1:08కి. రాసుకుని కంప్యూటర్ వైపు నడుస్తుండగా మూలనున్న టేబుల్ వాళ్లు పిలిచారు. ప్యాడ్‌లోంచి చింపిన కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని అటు వెళ్లాడు. తర్వాత మరో టేబుల్. చివరికి వీళ్ల ఆర్డరు కంప్యూటర్‌కి ఎక్కేసరికి 23 నిమిషాలు గడిచాయి. ఆ లోపు వచ్చినవాళ్ల ఆర్డర్లు ముందే వంటగదికి చేరాయి, వాళ్లకు ముందే వడ్డన జరిగింది. వంటగది లెక్కలో అరగంట, కస్టమర్ లెక్కలో 56 నిమిషాలు. ఇద్దరూ నిజమే చెప్పారు.

చల్లారడానికీ కారణం దొరికింది. ఎనిమిది ప్లేట్లూ ఒకేసారి టేబుల్‌కి వెళ్లాలని కౌంటర్ మీద ఒక్కొక్కటే పేర్చారు. మధ్యలో మొదటి హండీ అయిపోయింది, రెండోది ఇంకా దమ్ మీద ఉంది. ముందు వడ్డించిన ప్లేట్లు ఆ కౌంటర్ మీద, ఫ్యాన్ గాలికి, పన్నెండు నిమిషాలు ఉన్నాయి.

మేనేజరును పిలిచి అడిగితే "ఇంతేనండీ అన్నాను సార్, ఇష్టమైతే తినండి అని మాత్రం అనలేదు" అన్నాడు. కెమెరాకు చూపు ఉంది గాని చెవులు లేవు. యజమాని ఆ వాదన తేల్చడానికి పూనుకోలేదు. ఒప్పుకున్న సగం మాటే పుట్టినరోజు టేబుల్ దగ్గర అనకూడనిది.

మిగిలింది ముక్క సంగతి. కోడిమాంసం ఆదివారం తెల్లవారుజామున వచ్చినట్టు రసీదు ఉంది. శనివారం సరుకు ఏదీ మిగల్లేదు. అదే హండీలోంచి తిన్న వేరే టేబుళ్ల నుంచి ఫిర్యాదు లేదు. పాచి అన్న మాట తప్పు. అయితే వంటమాస్టర్ ఒక మాట చెప్పాడు. బిర్యానీ చల్లారితే నెయ్యీ కొవ్వూ పేరుకుని ముక్క నీచు వాసన వేస్తుంది. వేడిలో తెలియని వాసన చల్లారాక తెలుస్తుంది. కస్టమర్ దాన్ని పాచి అన్నాడు. వాసన నిజం, దానికి ఆయన అనుకున్న కారణం నిజం కాదు.

ఈ గంటన్నర వెతుకులాట తర్వాతే మూడో జవాబు సాధ్యమైంది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక యజమాని పెట్టిన జవాబు ఇది:

"నమస్కారమండీ. నాన్నగారి అరవయ్యో పుట్టినరోజుకు మా దగ్గరికి వచ్చారు. ఆ పూట పాడవడానికి కారణం మేమే. మీ అందరికీ, ముఖ్యంగా నాన్నగారికి, మా క్షమాపణలు.

మీరు రాసింది చదివాక నిన్నటి ఆర్డరు చీటీలు, కెమెరా చూశాం. మీ ఆర్డరు వంటగదికి చేరడమే 23 నిమిషాలు ఆలస్యమైంది. అందుకే మీ తర్వాత వచ్చినవాళ్లకు ముందు వడ్డన జరిగింది. బిర్యానీ కూడా మా కౌంటర్ మీదే చల్లారిపోయింది. మాంసం ఆ ఉదయం వచ్చినదే. అయినా చల్లారిన బిర్యానీ మీ ముందు పెట్టడం మా తప్పు. మీరు అడిగినప్పుడు వచ్చిన సమాధానం మా నోటి నుంచి రాకూడనిది.

ఈ రోజు నుంచి ఆర్డరు రాసిన కెప్టెన్ దాన్ని కంప్యూటర్‌లో ఎక్కించాకే ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్తాడు. మీతో స్వయంగా మాట్లాడాలని ఉంది. వీలైనప్పుడు కింది నంబరుకు ఫోన్ చేయండి, నేనే ఎత్తుతాను."

కింద ఆయన పేరు, యజమాని అన్న మాట, ఫోన్ నంబరు.

అర్ధరాత్రి జవాబు పక్కన దీన్ని పెట్టి చూస్తే ముందు కనిపించేది వరుస మారడం. అక్కడ మొదటి వాక్యంలో అబద్ధం ఉంది, సారీ చివర ఉంది. ఇక్కడ నాన్నగారు మొదటి వరుసలోకి వచ్చారు. దీనికి ఫోన్ తెర సంబంధమైన కారణమూ ఉంది. మ్యాప్‌లో రివ్యూలు చూసేటప్పుడు పొడుగు జవాబుల్లో మొదటి కొన్ని వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేగాని తెరుచుకోదు. చాలామంది నొక్కరు. వాళ్లకు కనిపించే రెండు మూడు వరుసల్లోనే క్షమాపణ ఉండాలి.

ఇక పుట్టినరోజును ప్రస్తావించడం. సానుభూతి అంటే "మీ బాధ మాకు అర్థమైంది" అని రాయడం అనుకుంటారు. ఆ వాక్యం జవాబులో ఎక్కడా లేదు. ఆ కుటుంబానికి పోయింది బిర్యానీ ఒక్కటే కాదని, మళ్లీ రాని ఒక పూట అని యజమాని గుర్తించాడు. రివ్యూలోని ఒక వివరం తీసుకుని తిరిగి చెప్పడంతోనే అది తెలిసిపోయింది.

మూడో సంగతి కర్తలు. "ఆలస్యం జరిగింది" అని రాస్తే ఎవరు చేశారన్నది గాలికి పోతుంది. ఇక్కడ కారణం మేమే, తప్పు మాది, కౌంటర్ మాది, నోరు మాది. అలాగని కెప్టెన్ పేరో మేనేజరు పేరో బయటపెట్టలేదు. "ఆ ఉద్యోగిని తీసేశాం" అని రాసే యజమానులున్నారు. చదివేవాళ్లకు అది న్యాయంలా కాక, తప్పును జీతగాడి మీదికి తోసేసినట్టు కనిపిస్తుంది. పైగా ఇక్కడ లోపం ఒక్క కెప్టెన్‌ది కాదు. రద్దీలో చీటీని జేబులో పెట్టుకునే వీలు ఉంచిన పద్ధతిది.

కష్టమైన వాక్యం మాంసం గురించినది. పాచి అన్నది తప్పని యజమానికి రుజువుంది. ఊరుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది, వాదిస్తే మొదటి జవాబులోకి జారిపోతుంది. ఆయన ఎంచుకున్న దారి ఒక్క చిన్న వాక్యం: "మాంసం ఆ ఉదయం వచ్చినదే." విశేషణాలు లేవు, 'పచ్చి అబద్ధం' లేదు, 'మీరు పొరబడ్డారు' కూడా లేదు. ఆ వెంటనే వచ్చే వాక్యం బరువును మళ్లీ తన మీదికే తెచ్చుకుంటుంది. అనుమానం ఉన్న మూడో మనిషికి కావలసిన సమాచారం అందింది, ఫిర్యాదు చేసిన మనిషి అబద్ధాలకోరు కాలేదు. ఈ వాక్యం జవాబులో మొదట వచ్చి ఉంటే మాత్రం ఇదే మాట సంజాయిషీగా వినిపించేది. తప్పులు మూడు ఒప్పుకున్నాక కాదన్న నాలుగోదాన్ని జనం నమ్ముతారు.

ఉచిత భోజనం గురించి జవాబులో ఒక్క మాటా లేదు. అందరి ముందూ "ఈసారి మీ భోజనం మా లెక్క" అని రాస్తే నోరు నొక్కడానికి ఇచ్చినట్టుంటుంది, ఒక్క నక్షత్రం ఇస్తే ఇక్కడ ఊరికే భోజనం దొరుకుతుందన్న కబురూ పోతుంది. అలాంటిది ఏదైనా ఫోన్‌లో తేలాలి.

మొదటి జవాబులో చాలామంది పట్టించుకోని తప్పు ఇంకొకటుంది. 2,860 రూపాయల బిల్లు, నవ్వుతూ వెళ్లిన కెమెరా దృశ్యం. కస్టమర్ తన బిల్లు ఎంతో రాయలేదు, యజమాని రాశాడు. వాదనలో గెలవడానికి తన దగ్గరున్న ఇతరుల సమాచారాన్ని వాడుకున్నాడు. హోటల్ బిల్లు దగ్గర ఇది అమర్యాదతో పోతుంది. ఆసుపత్రుల దగ్గర పోదు. అమెరికాలోని డాలస్‌లో ఒక దంత వైద్యశాల, యెల్ప్‌లో వచ్చిన రివ్యూకు జవాబిస్తూ రోగి ఇంటిపేరు, ఆరోగ్య వివరాలు బయటపెట్టింది. ఆ దేశ ఆరోగ్య శాఖ దర్యాప్తు చేసింది. 2019లో వైద్యశాల 10,000 డాలర్లు చెల్లించి, పద్ధతులు దిద్దుకుంటామని ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. డాక్టర్లు, లాయర్లు, డయాగ్నొస్టిక్ సెంటర్ల వాళ్లు రివ్యూలకు జవాబిచ్చేటప్పుడు ఆ మనిషి తమ దగ్గరికి వచ్చాడన్న సంగతినైనా నిర్ధారించకుండా రాయడం మంచిది. "ఇలాంటి ఫిర్యాదులను మేం తీవ్రంగా తీసుకుంటాం, ఈ నంబరులో మాట్లాడండి" అన్నంత వరకే వాళ్లకు వీలు. మన యజమాని పుట్టినరోజు మాట ఎత్తగలిగాడంటే దాన్ని కస్టమరే ముందు రాశాడు గనక.

రివ్యూ నిజంగానే పక్క హోటల్ వాళ్లు రాయించినదైతే? అలాంటివీ ఉంటాయి. గూగుల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కానీ నిబంధనలు మీరిన రివ్యూలనే వాళ్లు తీసేస్తారు, యజమానికి నచ్చలేదనో ఇద్దరి మాటా కలవలేదనో తీయరు. ఆ ఫిర్యాదు తేలేలోపు పెట్టే జవాబులోనూ ఆరోపణ అక్కర్లేదు. "మీరు చెప్పిన తేదీన ఇలాంటి ఆర్డరు మా రికార్డుల్లో కనిపించలేదు. బిల్లు నంబరు పంపితే వెంటనే చూస్తాం" అంటే చాలు. బిల్లు రాకపోతే మూడో మనిషికి అర్థమవుతుంది. ఒకవేళ వస్తే, నిజమైన కస్టమర్‌ను దొంగ అన్న నింద తప్పుతుంది.

ఇంత శ్రమకు ఫలితం ఉంటుందా అన్నదాన్ని పరిశోధకులు హోటళ్ల మీద పరీక్షించారు. దవీడె ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే ఇద్దరు అమెరికాలోని టెక్సాస్ హోటళ్ల రివ్యూలను పరిశీలించారు. ఆ హోటళ్లు ట్రిప్అడ్వైజర్‌లో రివ్యూలకు జవాబిచ్చేవి, ఎక్స్‌పీడియాలో పెద్దగా ఇచ్చేవి కావు. అవే గదులు, అదే సేవ. రెండు చోట్లా రేటింగ్ ఎలా మారిందో పోల్చారు. 2017లో అచ్చయిన వాళ్ల పరిశోధన ప్రకారం జవాబులివ్వడం మొదలుపెట్టిన హోటళ్లకు రివ్యూలు సగటున 12 శాతం పెరిగాయి, రేటింగ్ 0.12 నక్షత్రం పెరిగింది. పెరుగుదల చిన్నదే. అంతకన్నా ఆసక్తికరమైనది మరొకటి ఉంది. జవాబులు మొదలయ్యాక చెడ్డ రివ్యూల సంఖ్య తగ్గి, పొడవు పెరిగింది. యజమాని చదివి బదులిస్తాడని తెలిస్తే, ఊరికే ఒక తిట్టు రాసి పోయేవాళ్లు వెనక్కి తగ్గుతారని, నిజంగా చెప్పుకోవలసింది ఉన్నవాళ్లు వివరంగా రాస్తారని పరిశోధకులు వివరించారు. వివరంగా రాసిన ఫిర్యాదు యజమానికి చదవడానికి చేదు. కాని జేబులో చీటీ లాంటి లోపం దొరికేది అందులోనే. "చెత్త హోటల్" అన్న రెండు మాటల రివ్యూతో కెమెరాను ఏ నిమిషానికి తిప్పాలో తెలియదు.

జవాబు చేయలేని పనులూ ఉన్నాయి. అది నక్షత్రాన్ని చెరపలేదు. దిద్దుబాటు జరగకపోతే రెండు వారాలకు అదే ఫిర్యాదు మరొకరి పేరుతో వస్తుంది, అప్పుడు "ఈ రోజు నుంచి" అన్న వాక్యమే యజమాని మీద సాక్ష్యమవుతుంది. చేయగలిగింది మాత్రమే జవాబులో రాయాలనడానికి కారణం ఇదే. మన యజమాని మొదట "ఇకపై ఆదివారం కూడా 20 నిమిషాల్లో వడ్డిస్తాం" అని రాసి, వంటమాస్టర్ మొహం చూసి కొట్టేశాడు. దమ్ బిర్యానీ హండీ రద్దీని చూసి తొందరపడదు. కెప్టెన్ కంప్యూటర్ దాకా నడవడం మాత్రం యజమాని చేతిలో ఉంది.

జవాబు పెట్టగానే రివ్యూ రాసిన మనిషికి గూగుల్ నుంచి కబురు వెళ్తుంది. కావాలనుకుంటే ఆయన తన రివ్యూను మార్చుకోవచ్చు. మార్చమని అడగడం మర్యాద కాదు, మన యజమాని అడగలేదు. బుధవారం ఫోన్ వచ్చింది. పది నిమిషాలు మాట్లాడుకున్నారు, అందులో ఎక్కువ సేపు నాన్నగారి షుగరు గురించే. శుక్రవారం చూస్తే ఒక్క నక్షత్రం మూడైంది. కింద ఒక వాక్యం కొత్తగా చేరింది: "యజమాని ఫోన్‌లో బాగా మాట్లాడారు, పొరపాటు ఒప్పుకున్నారు. ముక్క మాత్రం వాసన వచ్చిన మాట నిజం."

యజమాని ఆ చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. రసీదు ఇంకా గల్లాపెట్టెలోనే ఉంది. జవాబు పెట్టే గడి తెరిచాడు, "మాంసం" అని టైపు చేశాడు, చెరిపేశాడు. ఆదివారానికి ఎన్ని కోళ్లు చెప్పాలో లెక్క రాసుకోవడం మొదలుపెట్టాడు.